గంట తొందరపడితే నిద్ర తొందరపడదు

మా వీధి మలుపులోకి ఆరున్నరకల్లా స్కూలు బస్సు వస్తుంది. పదో తరగతి చదివే పక్కింటి అబ్బాయి ఒక చేతిలో టై, ఇంకో చేతిలో సగం తిన్న ఇడ్లీతో పరుగెత్తుకొస్తాడు. బస్సు మలుపు తిరిగేలోపే వాడి తల కిటికీకి ఆనుతుంది. ‘రాత్రి ఆ ఫోను పక్కన పడేస్తే పొద్దున్నే లేవడూ?’ అంటుంది వాళ్లమ్మ.

ఫోను తప్పు లేకపోలేదు. కానీ మెలటోనిన్ అనే హార్మోను ఒంటికి రాత్రయిందని చెబుతుంది. యుక్తవయసులో అది చిన్నప్పటికంటే ఆలస్యంగా ఊరుతుంది. పగలంతా పేరుకునే నిద్రమత్తూ ఈ వయసులో నెమ్మదిగానే పేరుకుంటుంది. అందుకే తొమ్మిదింటికి లైటార్పినా కన్ను మూతపడదు. ఈ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. పదకొండింటికి నిద్రపట్టినవాణ్ని అయిదున్నరకు లేపితే దక్కేది ఆరున్నర గంటలే.

‘బడి ఆలస్యంగా పెడితే వీళ్లు ఇంకా ఆలస్యంగా పడుకుంటారు’ అన్నది పెద్దల వాదన. అమెరికాలోని సియాటిల్ నగరం దీన్ని తేల్చి చూసింది. 2016లో అక్కడ హైస్కూళ్ల మొదటి గంటను 7.50 నుంచి 8.45కి మార్చారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు బడుల్లో, మార్పుకు ముందూ తర్వాతా, పిల్లల చేతులకు కదలికలను నమోదు చేసే పట్టీలు కట్టారు. పిల్లల మాట మీద ఆధారపడకుండా నిద్రను నేరుగా కొలిచారు. పడుకునే వేళ పెద్దగా మారలేదు, లేచే వేళే వెనక్కి జరిగింది. రాత్రి నిద్ర 6 గంటల 50 నిమిషాల నుంచి 7 గంటల 24 నిమిషాలకు పెరిగింది. అంటే, ఇచ్చిన 55 నిమిషాల్లో 34 నిద్రకే పోయాయి.

జీవశాస్త్రం మార్కులు కూడా 4.5 శాతం పెరిగాయి. అయితే ఈ అంకెను కాస్త ఆచితూచి చూడాలి. రెండేళ్లలో కొలిచింది ఒకే పిల్లల్ని కాదు, మార్కులు వేసిన మాస్టర్లకు మార్పు సంగతి తెలుసు. నిద్ర లెక్కకు మాత్రం ఈ రెండో చిక్కు లేదు, దాన్ని కొలిచింది పట్టీ.

కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది. 2022 నుంచి అక్కడ చాలా హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలవకూడదు. బస్సుల మాటేమిటంటారా? సియాటిల్‌లో చాలా ప్రాథమిక పాఠశాలల వేళను ముందుకు జరిపి బస్సులను సర్దుకున్నారు. చిన్నపిల్లలు ఎటూ పొద్దున్నే లేస్తారు.

మన దగ్గర ఇంటర్ హాస్టళ్లలో అయిదింటికే స్టడీ అవర్ గంట కొడతారు. పుస్తకం తెరిచే ఉంటుంది, దాని మీద తల వాలి ఉంటుంది. హాజరు పట్టీలో మాత్రం అది చదువే. ఆ గంటకు బస్సు అడ్డం లేదు, ట్రాఫిక్ అడ్డం లేదు. వార్డెన్ చేయి ఆగితే చాలు. ఒక్క టర్మ్ ఆపి, వారం వారం పెట్టే పరీక్షల్లో మార్కులు పడిపోతాయేమో యాజమాన్యాలే చూసుకోవచ్చు.