వద్దన్నాక జవాబు రాయడం భీక్ కాదు

మా ఆపా వాళ్లది నాగాయలంక. వాళ్లమ్మాయి, నా భాంజీ, బందరులో మైక్రోబయాలజీతో బీఎస్సీ చేసింది. గుడివాడ వైపున్న ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో ల్యాబ్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఉన్నవి రెండు ఖాళీలు. ఎనిమిదో రోజున మెయిల్ వచ్చింది. ఈసారి తీసుకోలేకపోతున్నాం, మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం అని. దానికి జవాబు రాస్తానంది పిల్ల. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న దూలాభాయ్ చెయ్యి ఆపేశాడు.

"వద్దన్నోళ్లకి మళ్లీ రాస్తావా? గైరత్ లేదా మనకి?"

ఇది మా దూలాభాయ్ ఒక్కడి మాటైతే నేను కలం తీసేవాణ్ని కాదు. బందరు ఇనుగుదురుపేటలోనూ, గుడివాడలోనూ, దివిసీమ ఊళ్లలోనూ మన ఇళ్లలో వినిపించే మాటే ఇది. కాదన్నారంటే కథ ఖతం. రిజ్క్ అక్కడ రాసి లేదు, చలో, ఇంకోచోట చూసుకో. వినడానికి ఇజ్జత్ గల మాటలాగే ఉంటుంది. కానీ అదే దూలాభాయ్ వారం తిరక్కుండా నాకు ఫోన్ చేశాడు. "నువ్వు పేపరోడివి కదా, ఆ కంపెనీవాళ్లకి తెలిసిన లీడర్ ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పించు" అన్నాడు.

అంటే పిల్ల తన పేరుతో, తన చదువు గురించి నాలుగు ముక్కలు రాస్తే గైరత్ పోతుంది. బాప్ వెళ్లి ఇంకొకడి గుమ్మం ముందు నిలబడి సిఫారసు అడిగితే పోదు. నాకు ఈ లెక్క అర్థం కాలేదు. భీక్ ఏదైనా ఉంటే అది రెండోదే భాయ్.

మనం మరిచిపోయిన మాట ఒకటుంది. ఉద్యోగం కోరేవాణ్ని ఉర్దూలో ఉమ్మీద్‌వార్ అంటాం. ఉమ్మీద్ పెట్టుకున్నవాడని అర్థం. ఈ మాట తెలుగులోకీ ఉమేదువారుగా వచ్చింది. కంపెనీ పాలన కాలంలో కలెక్టరు కచేరీల్లో జీతం లేకుండా పని నేర్చుకుంటూ ఖాళీ కోసం ఎదురుచూసిన వాళ్లను అలాగే పిలిచేవారు. అందులో జులుం కూడా ఉండేది. జీతం లేకుండా ఏళ్లు గడపగలిగినవాడికీ, లోపల చుట్టమున్నవాడికీ అది కలిసొచ్చేది. కానీ ఒకటి గమనించండి. ఉమేదువారు ఊరికే కూర్చున్నవాడు కాదు. నేర్చుకుంటున్నట్టు కళ్లకు కనపడుతూ ఎదురుచూసినవాడు. ఇవాళ కంపెనీలు టాలెంట్ పూల్ అంటున్నది ఆ ఎదురుచూపుకి కొత్త పేరే. ఇప్పుడు అక్కడ ఏళ్ల తరబడి ఉచిత చాకిరీ చెయ్యక్కర్లేదు. ఒక చీటీ రాస్తే చాలు.

ఆ పూల్ అసలు ఎలా ఉంటుందో చెప్తాను. పెద్ద కంపెనీల్లో అయితే దరఖాస్తులన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఖాళీ వచ్చినప్పుడు హెచ్ఆర్ మనిషి కొత్త ప్రకటన ఇవ్వకముందే ఆ పాత దరఖాస్తుల్లో కొన్ని మాటలతో వెతుకుతాడు. ఫలానా పరీక్ష, ఫలానా కోర్సు, ఫలానా ఊరు. ఆ మాటలు మీ వివరాల్లో ఉంటే పైకి తేలతారు, లేకపోతే లేదు. మన దగ్గరున్న చిన్న కంపెనీల్లో అది ఒక ఎక్సెల్ షీట్, లేదంటే ఆ మనిషి మెయిల్ పెట్టె. ఎంపికైన ఇద్దరిలో ఒకరు చేరకపోవచ్చు. చేరినవాళ్లు రాత్రి షిఫ్టు పడక నెలకే మానేయొచ్చు. అప్పుడు వాళ్లకి మళ్లీ ఇంటర్వ్యూలు పెట్టే తీరిక ఉండదు. మొన్న వచ్చినవాళ్లలో మూడోవాళ్లు ఎవరని చూసుకుంటారు. ఆ క్షణంలో గుర్తుకు రావడానికే ఈ చీటీ.

అందుకే ఏం రాశామన్నది ముఖ్యం. గుడివాడలో మా చాచా మనవడు ఇలాంటి మెయిలే రాసి పంపేముందు నాకు చూపించాడు. "సర్, మాది పేద కుటుంబం, నాన్నగారి ఆరోగ్యం బాగోలేదు, ఏ పని ఇచ్చినా చేస్తాను, దయచేసి గుర్తుంచుకోండి" అని ఉంది. ప్రతి ముక్కా నిజమే. నా కళ్లు తడిశాయి. కానీ "ఏ పనైనా" అన్నదాన్ని ఏ ఖాళీ కింద రాసుకోవాలి? దూలాభాయ్ అనే భీక్ అచ్చంగా ఇదే. రాయడం భీక్ కాదు, ఇలా రాయడం భీక్.

నా భాంజీకి ఇంటర్వ్యూలో ఏం జరిగిందో అడిగాను. హ్యాసప్‌లో క్రిటికల్ కంట్రోల్ పాయింట్లు చెప్పమన్నారట. గ్లవ్స్, క్లోరిన్ నీళ్లు, చేతులు కడగడం అని చెప్పిందట. అవన్నీ శుభ్రత నియమాలు, ఎలాగూ ఉండాల్సినవి. క్రిటికల్ పాయింట్ అంటే అక్కడ తప్పితే ప్రమాదాన్ని ఇక ఎక్కడా ఆపలేని చోటు. రొయ్యల ప్లాంటులో సరుకు దిగేచోట యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష అలాంటిది. క్లోరాంఫెనికాల్ ఒకసారి రొయ్యలో ఉందంటే కడిగినా పోదు, గడ్డకట్టించినా పోదు. అలాగే ప్యాకింగ్ దగ్గర మెటల్ డిటెక్టర్. అది దాటిన ఇనుపముక్క తినేవాడి పళ్లెంలోనే తేలుతుంది. పిల్లకి ఈ తేడా తెలియలేదు. అంటే ఏం నేర్చుకోవాలో కంపెనీయే చెప్పినట్టు. రాయాల్సింది అదే, అదొక్కటే. ఇంగ్లీషు మాట్లాడటం, కంప్యూటరు, టీం వర్క్ అని పది కలిపితే అసలుది అందులో మునిగిపోతుంది.

మెయిల్ వచ్చిన రెండో రోజున, కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, అదే మెయిల్‌కి రిప్లై ఇచ్చింది. అలాచేస్తే చదివేవాడికి పాత దరఖాస్తు కింద కనపడుతుంది, ఈమె ఎవరో వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది:

"ఇంటర్వ్యూకి సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను. క్వాలిటీ ల్యాబులో అసిస్టెంట్ ఖాళీ మళ్లీ వస్తే నన్ను పరిశీలించమని కోరుతున్నాను. అందుకోసం నా వివరాలు మీ దగ్గర ఉంచుకోవడానికి నాకు సమ్మతమే. హ్యాసప్ ప్రశ్నకి ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు దాని మీద కోర్సు చదువుతున్నాను, మార్చి నెలాఖరుకి పూర్తవుతుంది. సరుకు దిగడం నుంచి ప్యాకింగ్ దాకా ఒక చార్టు గీసి, ప్రమాదాలు గుర్తించడం సాధన చేస్తున్నాను. పూర్తవగానే సర్టిఫికెట్టు పంపుతాను. గుడివాడలో ఉండి షిఫ్టుల్లో పనిచేయగలను."

ఏడుపు లేదు, పొగడ్త లేదు. ఏ ఉద్యోగమో ఉంది, ఏం నేర్చుకుంటోందో ఉంది, ఎప్పటికవుతుందో ఉంది. సమ్మతమన్న ముక్క కూడా ఊరికే పెట్టలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పని అయిపోయాక మనిషి వివరాలు దాచుకోవద్దనే వైపు నడుస్తుంది. ఉంచుకోమని మనమే రాసిస్తే వాళ్లకి ఆ సంకోచం తీరుతుంది.

దూలాభాయ్ రెండో మాట ఇంకా బరువైంది. "మన పేరు చూసే తీసేసుంటారు" అన్నాడు. దీన్ని నేను కొట్టిపారెయ్యను. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒకే అర్హతలున్న దరఖాస్తులు వేరు వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపించి చూశారు. ముస్లిం పేరున్నవాటికి పిలుపులు బాగా తక్కువ వచ్చాయి. ఆ తాసుబ్ నిజం. కానీ దూలాభాయ్, నీ కూతురు దరఖాస్తు దగ్గర ఆగిపోలేదు. పేరు చూసే పిలిచారు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు. సిఫారసు లేకుండా ఆ గడప తనే దాటింది. దాటిన గడపని మనమే వెనక్కొచ్చి మూసుకుంటే తాసుబ్ ఉన్నవాడికి పని తగ్గించినవాళ్లమవుతాం. తవక్కుల్ అంటే అస్బాబ్ వదిలేయడమని మన ఉలమా ఎవరూ చెప్పలేదు.

మన ఇళ్లలో ఇంకో తలుపు ఉంది, అది లోపలి నుంచే మూసుకుంటుంది. ఆడపిల్లల దరఖాస్తులో ఫోన్ నంబరు అబ్బాదో భాయిదో ఉంటుంది. పిలుపొచ్చినప్పుడు పిల్ల ఇంట్లో లేదనో, నిఖా మాటలు నడుస్తున్నాయనో ఈయన పెట్టేస్తాడు. రెండోసారి ఎవరూ చెయ్యరు. నంబరు పిల్లదే ఇవ్వండి. సిమ్ మారిస్తే ఆ సంగతి కంపెనీకి రాయండి.

ఈ చీటీ తావీజు కాదని కూడా చెప్పాలి. మన బందరు బీఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలో ఇది పనిచెయ్యదు. అక్కడ నోటిఫికేషన్, మార్కులు, అందులో రాసిన నిబంధనలే నడుస్తాయి. మెయిల్ రాసి జాబితాలో ఉండటం కుదరదు. no-reply అని ఉన్న చిరునామా నుంచి వచ్చిన మెయిల్‌కి జవాబిస్తే ఎవరూ చదవరు, వాళ్ల వెబ్‌సైట్‌లో మీ వివరాలు సరిదిద్దుకోవడమే దారి. చిన్న కంపెనీలో హెచ్ఆర్ మనిషి మారితే ఆ ఎక్సెల్ షీటూ గల్లంతు కావచ్చు, అందుకని ఆర్నెల్లకోసారి గుర్తుచెయ్యాలి. అంతకంటే ఎక్కువ రాస్తే విసిగించడమే. జాబితాలో పేరు ఉంచడానికి ఎవడైనా డబ్బడిగితే వాడు దగాకోరు, రూపాయి కూడా ఇవ్వొద్దు.

నా భాంజీకి నాలుగో రోజున జవాబొచ్చింది. ఒకే వాక్యం. కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్టు పంపండి, కింద ఒక మనిషి పేరు. మార్చి దాటాక పంపింది. ఇది రాసేనాటికి నౌకరీ రాలేదు. రాకపోవచ్చు కూడా. కానీ సరుకు దిగేచోట ఏం పరీక్షించాలో, ఎందుకో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలదు. ఆ పరీక్ష అక్కర్లేని రొయ్యల కంపెనీ మన తీరంలో లేదు.

లీడరుకి నేను ఫోన్ చెయ్యలేదు దూలాభాయ్. చెయ్యను కూడా. నువ్వు చేయాల్సింది ఒకటే ఉంది. ఆ ఫోన్ మోగినప్పుడు పిల్లనే ఎత్తనివ్వు.