ఉక్కు పటానికి తొలి అక్షరం

ఇంజనీరింగు విద్యార్థి చేతికి ఇనుము–కర్బనం సమతాస్థితి పటం వచ్చిన నాడు అది అతనికి గీతల చిక్కుముడిగానే కనిపిస్తుంది. పరీక్ష ముందు రాత్రి కంఠస్థం చేయడం, మరునాడు కాగితంపై గీసి రావడం, ఆపైన మరచిపోవడం స్వదేశంలో చదివిన తండ్రుల తరానికి అనుభవమే. విదేశంలో చదువుతున్న పిల్లల పరిస్థితీ అంతకంటే భిన్నం కాదు. దోషం పటానిది కాదు, బోధన ఆరంభమయ్యే చోటుది. పటాన్నంతా ఒక్కసారిగా చూపక, అందులోని ఒకే ఒక బిందువుతో పాఠం మొదలుపెట్టడం ఉచితం. కర్బనం 0.77 శాతం, ఉష్ణోగ్రత 727 డిగ్రీల సెల్సియస్ అయిన ఆ బిందువుకు యూటెక్టాయిడ్ అని పేరు.

పటంలో అడ్డుగీత మీద కర్బనపు బరువు శాతం, నిలువుగీత మీద ఉష్ణోగ్రత ఉంటాయి. కర్బనం సుమారు రెండు శాతం దాటితే అది పోత ఇనుము. ఆ కుడిభాగాన్ని తొలి పాఠంలో కాగితంతో కప్పివేసినా నష్టం లేదు.

స్వచ్ఛమైన ఇనుములో 912 డిగ్రీల వరకు పరమాణువులు ఘనాకృతి మూలల్లోను, దాని మధ్యలోను నిలుస్తాయి. ఈ రూపమే ఫెర్రైట్. అంతకుమించి వేడి చేస్తే మూలల్లోను, ముఖాల మధ్యలోను అమరుతాయి. అది ఆస్టెనైట్. రెండవ అమరికే ఎక్కువ దట్టమైనది. అయినా కర్బనానికి చోటిచ్చేది అదే. ఫెర్రైట్‌లో ఖాళీలు ఎక్కువే గాని, ఒక్కొక్కటీ మరీ ఇరుకు. ఆస్టెనైట్‌లో ఖాళీలు తక్కువైనా ఒక్కొక్కటీ విశాలం. అందువల్ల 727 డిగ్రీల వద్ద ఫెర్రైట్ 0.02 శాతం కర్బనాన్ని మాత్రమే ఇముడ్చుకోగా, ఆస్టెనైట్ 0.77 శాతాన్ని ఇముడ్చుకోగలదు. ఉక్కు కథ అంతా ఈ వ్యత్యాసంలోనే ఉంది.

0.77 శాతం కర్బనమున్న ఆస్టెనైట్‌ను మెల్లగా చల్లార్చితే 727 వద్ద అది నిలువలేదు. ఫెర్రైట్ కర్బనాన్ని బయటికి నెట్టివేస్తుంది; ఆ కర్బనం పక్కనే ఇనుముతో కూడి సిమెంటైట్ అనే కఠిన పదార్థమవుతుంది. వేడిమి తగ్గిన ఉక్కులో కర్బనం దూరం నడవలేదు గనుక రెండూ పలుచని పొరలుగా ఒకదాని పక్కన ఒకటి పెరుగుతాయి. ఈ పొరల కూర్పే పెర్లైట్. మెరుగుపెట్టి, పలుచని ఆమ్లంతో తడిపిన ఉక్కులో ఈ నిర్మాణాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించినవాడు షెఫీల్డుకు చెందిన హెన్రీ సోర్బీ. ముత్యపు కాంతిని పోలిన దాని మెరుపే పేరుకు మూలం.

ఇక 0.4 శాతం కర్బనమున్న కడ్డీని తీసుకోవచ్చు. 850 డిగ్రీల వద్ద అదంతా ఆస్టెనైటే. మెల్లగా చల్లారుతూ 800 డిగ్రీలకు కొంచెం దిగువకు రాగానే ఫెర్రైట్ రేణువులు పుడతాయి. అవి కర్బనాన్ని స్వీకరించవు గనుక మిగిలిన ఆస్టెనైట్‌లో కర్బనం చిక్కబడుతూ, 727 చేరేసరికి సరిగ్గా 0.77 అవుతుంది. కర్బనం ఎక్కువైన ఉక్కులోనైతే ముందు సిమెంటైట్ వేరుపడి, మిగిలిన ఆస్టెనైట్ 0.77కు దిగివస్తుంది. ఏ వైపునుంచి బయలుదేరినా మిగిలిన ఆస్టెనైట్ చేరేది ఆ బిందువునే. పాఠం అక్కడే మొదలు కావాలనడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు.

చల్లారిన కడ్డీలో పెర్లైట్ ఎంత? 0.4 నుండి 0.02 తీసివేస్తే 0.38, 0.77 నుండి 0.02 తీసివేస్తే 0.75. మొదటిదాన్ని రెండవదానితో భాగిస్తే దాదాపు సగం. సూక్ష్మదర్శినిలో సగం తెల్లని ఫెర్రైట్, సగం నల్లని పెర్లైట్ కనిపిస్తాయి. మెల్లగా చల్లార్చిన ఉక్కులో నల్లని భాగం పావువంతే ఉంటే కర్బనం 0.2 శాతమని అంచనా వేయవచ్చు. ఈ లెక్క చేయగలిగిన విద్యార్థికి పటం అర్థమైనట్టే.

అయితే బోధకులు తరచు చెప్పక వదిలే మాట ఒకటుంది. ఈ పటం మెల్లని శీతలీకరణకే వర్తిస్తుంది. ఇందులో కాలానికి గీత లేదు. కమ్మరి ఎర్రగా కాలిన కొడవలిని నీటిలో ముంచినప్పుడు కర్బనానికి కదిలే వ్యవధి ఉండదు. అది చిక్కుకుపోయి, అమరిక వంకరపడి, మార్టెన్‌సైట్ అనే అతి కఠినమైన, పెళుసైన రూపం వస్తుంది. దానికి పటంలో చోటే లేదు. అలా ముంచిన అలుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో పెర్లైట్ కోసం వెతికి, లేదని కలవరపడే విద్యార్థి తప్పు చదవలేదు. పటానికి హద్దు ఎక్కడో అతనికి ఎవరూ చెప్పలేదు. కమ్మరి అలుగును మళ్లీ కొద్దిగా కాచేది ఆ పెళుసుదనం తగ్గించడానికే.

ఒక బిందువు, ఒక లెక్క, ఒక హద్దు – తొలి పాఠానికి ఇవి చాలును. మిగిలిన గీతలు ఆ తరువాత వాటంతట అవే అర్థవంతమవుతాయి.