టీకాకు వేడే కాదు, గడ్డకట్టడమూ ముప్పే!

కరెంటు పోతే ఆరోగ్య కేంద్రంలో టీకాలు చెడిపోతాయని డెల్టా పల్లెల్లో తల్లుల బెంగ. మూత తీయకుంటే ఆ ఐస్‌లైన్డ్ ఫ్రిజ్ గంటల తరబడి చల్లదనం నిలుపుతుంది. అసలు ముప్పు అతి చలువతోనే.

టీకాలకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. సిబ్బంది ఉదయం, సాయంత్రం చూసి పుస్తకంలో రాస్తారు. మండు వేసవిలో తిప్పిన మర డిసెంబరులోనూ అలాగే ఉందనుకోండి. తెల్లవారుజామున 3 గంటలకు చల్లదనం సున్నా దిగువకు పోయి, తొమ్మిదింటికి మళ్లీ 3 డిగ్రీలకు రావచ్చు. పుస్తకంలో 3 అనే ఉంటుంది!

పోలియో చుక్కలకు గడ్డకడితే నష్టం లేదు. ధనుర్వాతం, పెంటావాలెంట్ టీకాలు మాత్రం గడ్డకట్టి కరిగితే చూపుకు మామూలుగానే ఉన్నా శక్తి కోల్పోతాయి. అనుమానం వస్తే అదే బ్యాచి సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానపు సీసాతో పాటు కుదిపి పక్కపక్కన పెట్టాలి. రెండింటిలోనూ మడ్డి ఒకే వేగంతో దిగితే ఆ టీకా పారవేయవలసిందే.

దేశంలో 2015లో మొదలైన ఈవిన్ పద్ధతిలో యంత్రమే రాత్రింబవళ్లు ఈ లెక్క నమోదు చేస్తుంది. దాని నెలవారీ సారాంశంలో సగటు చూసి సంతృప్తి పడితే లాభం లేదు. 2 డిగ్రీల దిగువకు ఏ రోజు, ఎన్ని గంటలు పోయిందో, ఆ సీసాలను ఏంచేశారో వైద్యాధికారి సంతకంతో రాయించాలి.