గీత దిగిన చోటల్లా కోసేయొద్దు

పంజాగుట్టలో ఓ మిద్దెతోట మీద తీసిన జీవామృతం వీడియోను అమీర్‌పేటలో ఎడిట్ చేశాం. వారం తర్వాత యూట్యూబ్ స్టూడియోలో దాని రిటెన్షన్ గ్రాఫ్ తెరిచి చూశాను.

మొదటి 30 సెకన్లలోనే, పలకరింపుల దగ్గర, గీత బాగా దిగింది. వచ్చే ఎపిసోడ్ పలకరింపులతో కాదు, నేరుగా డ్రమ్ము దగ్గరే మొదలవుతుంది.

కొలతల దగ్గర గీత పైకి లేచింది. అంటే చాలామంది వెనక్కి జరిపి మళ్లీ చూశారన్నమాట. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి: గబగబా చెబితే రాసుకోవడం కష్టం. ఇకపై వీటిని తెర మీద వేసి, కాసేపు అలాగే ఉంచుతాం.

అన్నీ డ్రమ్ములో వేశాక గీత మళ్లీ దిగింది. పని అయిపోయిందనుకుని వెళ్లిపోయి ఉంటారు. కానీ 48 గంటలు నీడలో ఉంచాలి, పొద్దున, సాయంత్రం కలపాలి అన్న మాట ఆ తర్వాతే ఉంది. ఎవరూ చూడట్లేదని దాన్ని కోసేస్తే, డ్రమ్ము కంపుకొట్టి నష్టపోయేది రైతే. అందుకే నేనైతే తీసేయను, కొలతల పక్కకు జరుపుతాను. కొత్త గ్రాఫ్‌లో ఆ మాట దగ్గర గీత నిలబడితే, మార్పు పనిచేసినట్టే.