రూహ్ తీసివేత లెక్కలో దొరకదు

మా ఖాందాన్‌లో ఓ అమ్మాయికి మంచి రిష్తా వచ్చింది. రెండు వైపులా అందరికీ పసందే. అమ్మాయి మాత్రం నెల రోజులుగా జవాబివ్వదు. గట్టిగా అడిగితే ఫోన్ చూపించింది. ఎవరో విదేశీ ఆస్ట్రాలజర్ ఫీజు పుచ్చుకుని ఇద్దరికీ 'డ్రాకోనిక్ చార్ట్' వేసి పంపాడు. మామూలు జాతకం పైపై మనిషిని చూపిస్తుందట, ఇది రూహ్ అసలు ఇరాదాని చూపిస్తుందట. 1987లో ఇంగ్లండ్ ఆస్ట్రాలజర్ పమేలా క్రేన్ దీని మీద పుస్తకమే రాసింది.

సరే, దావా అంత పెద్దది కదా, హిసాబ్ చూద్దాం.

చంద్రుడి దారి సూర్యుడి దారిని ఉత్తరం వైపుకి దాటే చోటే రాహువు. మన పాత ముసల్మాన్ ఖగోళ పండితులు దాన్ని 'రాస్', అంటే నాగు తల అన్నారు. డ్రాకోనిక్ చార్ట్‌లో ఆ చోటుని మేషం సున్నా డిగ్రీ అనుకుంటారు. ప్రతి గ్రహం డిగ్రీల్లోంచి రాహువు డిగ్రీలు తీసేస్తారు. అంతే!

ఆ అమ్మాయి చేతికే కాగితం ఇచ్చి చేయించాను. 2000 జనవరి 1, మన టైం సాయంత్రం ఐదున్నర. పాశ్చాత్య లెక్కలో సూర్యుడు 280.4, చంద్రుడు 223.3, రాహువు 125 డిగ్రీలు. తీసేస్తే సూర్యుడు 155.4, చంద్రుడు 98.3. మకరంలో సూర్యుడు కన్యలోకి, వృశ్చికంలో చంద్రుడు కర్కాటకంలోకి వచ్చేశారు. మరి ఇద్దరి మధ్య దూరం? ముందూ 57.1, తర్వాతా 57.1. గ్రహాల మధ్య ఏ సంబంధమూ మారలేదు, రాశుల పేర్లే మారాయి. గడియారంలో ముల్లులు కదపకుండా అంకెల పళ్లేన్ని తిప్పితే కొత్త టైం తెలుస్తుందా?

ఇంకో మాట. రాహువుని రెండు రకాలుగా లెక్కిస్తారు: సగటు, నిజ. అదే సాయంత్రం సగటు రాహువు 125 దగ్గర, నిజ రాహువు 124 దగ్గర ఉన్నాయి. రాశి అంచున నిలిచిన గ్రహం ఒక లెక్కలో ఓ రాశి, రెండో లెక్కలో పక్క రాశి. అంటే సాఫ్ట్‌వేర్‌లో ఓ బటన్ మారిస్తే రూహ్ మారిపోతుందా? ఏ రాహువుతో వేశారో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పనే లేదు.

గ్రహణాలు పట్టేది ఈ రాహు కేతు బిందువుల దగ్గరే. ప్రవక్త (స) చిన్నారి కొడుకు ఇబ్రాహీం ఇంతెఖాల్ అయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ మౌత్ వల్లే పట్టిందన్నారు జనం. ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని ఆయన కొడుకుని పోగొట్టుకున్న గమ్‌లోనే సాఫ్‌గా చెప్పారు. మనం ఆ బిందువునే పట్టుకుని రూహ్ హాల్ అడుగుతున్నాం.

అబ్బాయి అఖ్లాఖ్ గురించి అతని పక్కింటివాళ్లని అడగండి. రాహువుని కాదు.