కిలో దేనికి?

‘డైరెక్ట్ ట్రేడ్’ అనే మాటకి చట్టంలో నిర్వచనం లేదు. ఎవరైనా ప్యాకెట్ మీద అచ్చేసుకోవచ్చు. అందుకే మాటని నమ్మకండి, లెక్క అడగండి.

అరకు కాఫీనే తీసుకుందాం. కప్పుకి 18 గ్రాముల పొడి అనుకోండి. వేపితే బరువు తగ్గుతుంది కాబట్టి దానికి 21 గ్రాముల పచ్చి గింజ కావాలి. గింజకి ఆరు రెట్లు పండు కావాలి, అంటే దాదాపు 125 గ్రాములు. కిలో పండుకి రైతుకి 50 రూపాయలు ముట్టిందనుకుందాం. మీ 250 రూపాయల కప్పులో ఆయన వాటా ఆరుంపావు. నూటికి రెండున్నర.

మిగిలిందంతా కెఫే యజమాని మింగేశాడనడం అన్యాయం. అద్దె, పాలు, జీతాలు, పన్ను అన్నీ అందులోవే. కానీ రైతు ధర రెట్టింపు చేస్తే కప్పు మీద పడే భారం ఆరుంపావేనని కూడా ఇదే లెక్క చెప్తోంది. ‘కస్టమర్ భరించలేడు’ అన్నది ఒట్టి సాకు.

ఇంకో మెలిక ఉంది. ‘రైతుకి కిలోకి 250 ఇస్తున్నాం’ అని గొప్పగా రాస్తారు. కిలో దేనికి? పండుకా, పార్చ్‌మెంట్‌కా? పండు తొక్క తీసి, కడిగి, ఎండబెట్టిన గింజే పార్చ్‌మెంట్. కిలో పార్చ్‌మెంట్‌కి సుమారు ఐదు కిలోల పండు పడుతుంది. తిప్పి చూస్తే అదే 50 రూపాయలు. పైగా తొక్క తీసి, కడిగి, ఎండబెట్టిన చాకిరీ రైతు ఇంటిల్లిపాదిదీ ఉచితం.

కాబట్టి కౌంటర్ దగ్గర రెండే ప్రశ్నలు: ఆ కిలో దేనికి? అడ్వాన్సు, రవాణా కోతలు పోగా రైతు చేతికి ఎంత? జవాబు లేనివాళ్ళు మీకు తోట ఫోటో చూపిస్తారు.