చిగురు గడ్డ పగిలితే జబ్బు నయమైనట్టు కాదు

చిగురు వాచి, నోట్లో చెడు రుచి వస్తోందని ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే మందుల షాపులో బిళ్ళలు కొని వాడి ఉంటారు. ఆ బిళ్ళల వల్ల కలిగే తాత్కాలిక ఉపశమనమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

చిగుళ్ళ వాపులన్నీ ఒకటి కావు. మామూలు వాపులో చాలా పళ్ళ చుట్టూ చిగుళ్ళ అంచులు ఎర్రబడతాయి, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. నొప్పి అంతగా ఉండదు. గార తీయించుకుని, రోజూ సరిగా తోముకుంటే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. చీము గడ్డ అలా కాదు. ఒకే పన్ను దగ్గర చిగురు ఉబ్బి మెరుస్తూ ఉంటుంది. లోపల సలుపుతుంది. ఆ పన్ను ఎత్తు పెరిగినట్టు, కొరికితే కదిలినట్టు అనిపిస్తుంది. ఉప్పగానో చేదుగానో రుచి వస్తే అది చీము బయటికి కారుతోందనడానికి గుర్తు.

ఒక ఉదాహరణ చూద్దాం. షుగరు ఉన్న యాభై ఏళ్ళ మనిషికి కింది దవడ పన్ను పక్కన గడ్డ లేచింది. రెండు రోజులు నొప్పి బిళ్ళలు మింగాడు. మూడో రాత్రి గడ్డ పగిలి నోట్లోకి చీము వచ్చింది, నొప్పి పోయింది. తగ్గిపోయిందనుకున్నాడు. కానీ పంటికీ చిగురుకూ మధ్య లోతుగా చేరిన గార అక్కడే ఉంది. పైన రంధ్రం మూసుకుంది, పది రోజుల్లో మళ్ళీ చీము నిండింది. ఈసారి వాపు దవడ కిందికి దిగింది, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

ఇక్కడ ఆంటీబయాటిక్ ఒక్కటే ఎందుకు చాలదు? చీము నిండిన చోటికి మందు సరిగా చేరదు. ముందు చీము తీయాలి, చిగురు లోపల శుభ్రం చేయాలి. చీము పంటి వేరు నుంచి వస్తోందేమో ఎక్స్‌రేలో చూసి, అదే అయితే రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీయాలి. జ్వరం ఉన్నా, వాపు వ్యాపించినా అప్పుడు ఆంటీబయాటిక్ తోడు కావాలి. షుగరు ఉన్నవారిలో చీము షుగరును పెంచుతుంది, పెరిగిన షుగరు చీమును మరింత పెంచుతుంది.

గడ్డ అనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దంత వైద్యునికి చూపించండి. ఈలోగా గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించవచ్చు. సూదితో పొడవకండి. ఆస్పిరిన్ బిళ్ళ చిగురు మీద పెట్టకండి, చిగురు కాలుతుంది.

జ్వరం, దవడ కింద వాపు, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. నాలుక కిందికి పాకిన వాపు నాలుకను పైకి నెట్టి ఊపిరికి అడ్డుపడుతుంది. అప్పుడు కావలసింది దంత వైద్యుడొక్కరే కాదు, పెద్దాసుపత్రి అత్యవసర విభాగం.